"లాగితే మాట, తాకితే మూగ": అక్కడ తా నా, సా నా?

గట్టుగాలి: చిన్నప్పుడు రాజోలులో అగ్గిపెట్టెలకి దారం కట్టి ఫోన్ ఆట ఆడుతూ "లాగితే మాట, తాకితే మూగ" అని పాడేవాళ్లం. మా అక్కేమో అది "సాగితే మూగ" అంటోంది. ఏది సరి? తర్వాత ఇంకో ముక్క ఉండేది, అది అసలు గుర్తు రావట్లేదు.

పద్యంపిచ్చి: సాగితేనే. లాగి, సాగి... గకారం మీద ప్రాస ఎంత బాగా కుదిరిందో చూడండి. నడక వేమన గారిదే అనిపిస్తోంది.

పాతమాస్టారు: ఆయ్, దొరికిందల్లా వేమనకి అంటగట్టేస్తారేంటండీ! ఆటవెలది అనుకుంటే రెండో గణం "తేమా", రెండూ గురువులే, సూర్యగణం అక్కడే పోయింది. ప్రాస సంగతి ఉంచండి, అర్థం చూడండి. ఆట నడుస్తుండగా మధ్యలో దారాన్ని రెండు వేళ్లతో పట్టుకుంటే వేళ్లకి జిల్లుమంటుంది, అవతలి చెవికి మాట ఆగిపోతుంది. ఆ అదురు వేళ్లలోకి దిగిపోతుంది మరి. కాబట్టి తాకితే.

కోనసీమకోడలు: మా బాబు స్కూల్ ప్రాజెక్టుకి పేపర్ కప్పులతో చేశాం, ఉన్ని దారం వేశాం. ఎంత లాగినా ఏమీ వినపడలేదు. కప్పు మార్చాలా?

పద్యంపిచ్చి: చూశారా మాస్టారూ, ఉన్ని సాగుతుంది, అందుకే మూగ! వీణ తీగలా దారం పైకీ కిందకీ ఊగాలి, సాగే దారం ఊగదు.

పాతమాస్టారు: ఉన్ని మాట నిజమే, ఊగడం మాట కాదు. ఇక్కడ అదురు దారం పొడుగునా వెళ్తుంది. మాటకి కప్పు అడుగు ముందుకీ వెనక్కీ కదులుతుంది, దారం లాగగలదు గానీ నెట్టలేదు కదా, అందుకని ముందే బిగించి ఉంచాలి. అప్పుడు ఒకసారి బిగువు కాస్త పెరుగుతుంది, ఒకసారి తగ్గుతుంది, అవతలి కప్పు అడుగుని ఆడించేది అదే. వదులైతే ఆ హెచ్చుతగ్గులు దాటవు. ఉన్ని మెత్తన, సాగిపోతూ వాటిని తనలోనే మింగేస్తుంది. కోడలు గారూ, కప్పు అలాగే ఉంచి పురికొస వేయండి, ముడి జారకుండా లోపల అగ్గిపుల్ల ముక్క కట్టండి.

కోనసీమకోడలు: పురికొసతో వినపడిందండీ! కానీ పెరట్లో కొబ్బరిచెట్టు చుట్టూ తిప్పితే మళ్లీ పోయింది.

గట్టుగాలి: అంటే తాకితేనే గెలిచినట్టా?

పాతమాస్టారు: మొద్దుకి ఆనింది కదా, అందుకే. రాబర్ట్ హుక్ 1665 నాటి 'మైక్రోగ్రాఫియా' ముందుమాటలో, బిగించిన తీగని చాలా చోట్ల మలుపులు తిప్పినా శబ్దం వెళ్లిందనే రాశాడు. మలుపు దగ్గర దారం చెట్టుకి ఆనకుండా, చిన్న దారపు ఉచ్చులో వేలాడదీసి చూడండి. కాస్త తగ్గుతుంది గానీ పూర్తిగా పోదు.

పద్యంపిచ్చి: హుక్ గారికి ప్రాస అక్కర్లేదు, పాటకి కావాలి. నేను సా వదలను.

గట్టుగాలి: మలుపు అన్నారు కదా, ఇప్పుడు లీలగా గుర్తొస్తోంది, ఆ పోయిన ముక్క "మూల తిరిగితే" అనే మొదలయ్యేది. ఆ తర్వాత ఏంటో ముమ్మిడివరం వైపు వాళ్లెవరైనా చెప్పగలరా?