ఫీజు లేని బ్యాంకా, డాలరు చవగ్గా ఇచ్చే బ్యాంకా? అమెరికాకి 4,940 డాలర్లు పంపాలి

అరసవల్లి నాన్న:
మాది శ్రీకాకుళం. మా అమ్మాయి అమెరికాలో ఎమ్మెస్ చదువుతోంది. యూనివర్సిటీకి 4,940 డాలర్లు కట్టాలి. నా దగ్గర 4,50,000 రూపాయలున్నాయి, లోన్ కాదు, సొంత డబ్బు. రెండు బ్యాంకుల్లో అడిగి ఈ పట్టిక రాసుకున్నాను. నెట్‌లో డాలరు 89.50 చూపిస్తోంది. ఎందులో పంపమంటారు?

| | డాలరు రేటు | ఫీజు | అక్కడ అందేది |
|---|---|---|---|
| మొదటి బ్యాంకు | 91.20 | లేదు | 4,934 |
| రెండో బ్యాంకు | 90.10 | 1,500 | 4,978 |

నాగావళి ఒడ్డు:
ఫీజు గడిని కొట్టేయండి సార్, రేటు ఒక్కటే చూడండి. మొదటి బ్యాంకు నెట్ రేటు మీద డాలరుకి 1.70 ఎక్కువ వేసింది. 4,940 డాలర్లకి దాదాపు 8,400 రూపాయలు. ఫీజు లేదన్నవాళ్లు అసలు ఫీజు అక్కడే తీసుకున్నారు. రెండోది 60 పైసలే ఎక్కువ వేసింది. ఎప్పుడు పంపినా, ఎంత పంపినా రేటు తక్కువున్న చోటే పంపాలి.

కోట కూడలి:
నేను విజయనగరంలో ఉంటాను. బ్యాంకులో విదేశీ మారకం సీటులో చాలా ఏళ్లు పనిచేశాను. పై తమ్ముడు చెప్పినది ఈ మొత్తానికి నిజమే, "ఎంత పంపినా" అన్నది మాత్రం కాదు. 1,500 ఫీజు మీద 18 శాతం జీఎస్టీ కలిపితే 1,770. రెండు రేట్ల మధ్య తేడా డాలరుకి 1.10. అంటే సుమారు 1,600 డాలర్లు దాటాకే రెండో బ్యాంకు లాభం. అమ్మాయి ఖర్చులకి 500 డాలర్లు పంపితే మొదటి బ్యాంకులో 45,600 అవుతుంది, రెండోదాంట్లో 46,820. అక్కడ ఫీజు లేని బ్యాంకే చవక.

మీ పట్టికలో ఒక ఖర్చు రాలేదు. రూపాయల్ని డాలర్లుగా మార్చినందుకు విడిగా జీఎస్టీ ఉంటుంది, అది ఏ బ్యాంకైనా వేస్తుంది. 4,50,000కి 495 రూపాయలు. ఇవన్నీ తీసేస్తే మొదటి బ్యాంకులో 4,929 డాలర్లు, రెండోదాంట్లో 4,969 డాలర్లు బయల్దేరతాయి. బయల్దేరతాయనే అంటున్నాను. అందేది వేరే సంగతి.

ఉద్దానం కుర్రోడు:
అందకపోవడమేటండీ? మా అన్న కువైట్ నుంచి నెలనెలా పంపుతాడు. ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చిన రసీదు మీద ఎన్ని రూపాయలుంటే అన్నీ సోంపేటలో మా అమ్మ అకౌంట్‌లో పడతాయి. ఒక్క రూపాయి తగ్గడం నేను చూడలేదు. మీరూ అలాంటి ఎక్స్ఛేంజ్‌లో పంపండి సార్.

కోట కూడలి:
బాబూ, మీ అన్నది ఇటు వచ్చే డబ్బు. అక్కడి ఎక్స్ఛేంజ్ వాళ్లు ఇక్కడి బ్యాంకులో ముందే రూపాయల ఖాతా ఉంచుకుంటారు. మీ అమ్మగారికి అందులోంచి రూపాయలే వస్తాయి, దారిలో ఇంకెవరూ ఉండరు. ఈయన పంపేవి డాలర్లు. మన బ్యాంకు నుంచి అమెరికాలో ఇంకో బ్యాంకు మీదుగా యూనివర్సిటీ బ్యాంకుకి చేరతాయి. ఆ మధ్య బ్యాంకు తన ఛార్జీని పంపిన డాలర్లలోంచే కోసుకోవచ్చు. సాధారణంగా 10 నుంచి 30 డాలర్ల మధ్య ఉంటుంది.

అది ఎవరు భరించాలన్నది మీరు ఫారంలో టిక్ పెట్టేటప్పుడే తేలిపోతుంది. SHA అని పెడితే ఇక్కడి ఫీజు మీది, దారిలో కోత అందుకునేవాళ్లది. OUR అని పెడితే మొత్తం ఛార్జీ మీరే ఇక్కడ కడతారు. చాలామంది ఆ గడి చూడరు, కౌంటర్‌లో వాళ్లే SHA వేసేస్తారు. యూనివర్సిటీకి 4,940 బదులు 4,915 చేరితే మిగతా 25 బాకీ కింద కనబడుతుంది. ఆ 25 రెండో బ్యాంకులో పంపాలంటే మళ్లీ 1,770 కట్టాలి.

బొబ్బిలి కోడలు:
అయితే ఆ చివరి గడి అబద్ధమే కదండీ? "అక్కడ అందేది" అని రాసిచ్చినప్పుడు అది అందాలి. నాకు 2,000 డాలర్లు అందుతాయని కాయితం మీద చూపించి, SHAలో పంపారు. పిల్లాడికి 1,980 చేరాయి. అడిగితే మా చేతిలో లేదన్నారు. చేతిలో లేనిదాన్ని ఖాయమైన అంకెలా ఎందుకు రాయాలి?

కోట కూడలి:
అమ్మా, మధ్య బ్యాంకు ఎంత కోస్తుందో పంపే బ్యాంకుకి ముందే తెలియకపోవచ్చు. ఊహించి రాస్తే అదీ తప్పవుతుంది. "ఇంతకంటే తగ్గవచ్చు" అని పక్కన రాసి ఉండాలన్నది మాత్రం ఒప్పుకుంటాను.

బొబ్బిలి కోడలు:
పక్కన చిన్న అక్షరాల్లో రాస్తే చదివేదెవరండీ? ఆ గడికి "ఇక్కడి నుంచి బయల్దేరేది" అని పేరు పెట్టాలి. ఇందులో నా మాట మారదు.

నాగావళి ఒడ్డు:
వీటన్నిటికంటే పెద్దది టీసీఎస్, విదేశాలకి పంపేటప్పుడు బ్యాంకు ముందే పట్టుకునే పన్ను. 20 శాతం పట్టుకుంటారు, దాని ముందు 25 డాలర్లెంత?

కోట కూడలి:
ఈయనకి అది వర్తించదు. 2025 ఏప్రిల్ నుంచి, ఒక ఆర్థిక సంవత్సరంలో ఒకరి పాన్ మీద పంపినవన్నీ కలిపి 10 లక్షలు దాటేదాకా టీసీఎస్ లేదు. దాటినా చదువుకి 20 శాతం కాదు, బాగా తక్కువ. బ్యాంకు విద్యా రుణంతో పంపితే అసలు లేదు. పైగా అది పోయే డబ్బు కాదు, రిటర్న్ వేసినప్పుడు పన్నులో సర్దుబాటవుతుంది. విదేశాలకి డబ్బు పంపడానికి నింపే ఏ2 ఫారంలో పంపే కారణం దగ్గర "విదేశాల్లో చదువు" అని సరిగ్గా పడేలా చూసుకోవాలి. కుటుంబ పోషణ అని పడితే, 10 లక్షలు దాటాక రేటు మారిపోతుంది.

సార్, మీరు బ్యాంకుని తిరగేసి అడగండి. "నాలుగున్నర లక్షలకి ఎన్ని డాలర్లు" అని కాదు. "అక్కడ సరిగ్గా 4,940 పడాలి, OURలో, పన్నులతో కలిపి నేనెంత కట్టాలి" అనండి. అప్పుడు రెండు బ్యాంకులూ ఒకే ప్రశ్నకి జవాబిస్తాయి.

అరసవల్లి నాన్న:
అడిగానండి. మొదటి బ్యాంకులో 4,51,024 అన్నారు, OUR అదనమో కాదో చెప్పలేకపోయారు. రెండో బ్యాంకులో OURకి పన్నుతో 2,250 అదనమన్నారు. డాలర్లకి 4,45,094, ఫీజు 1,770, మార్పిడి జీఎస్టీ 491, దీంతో కలిపి 4,49,605. నా దగ్గరున్న దాంట్లో 395 మిగులుతాయి. రేపు ఉదయం వెళ్తాను.

బొబ్బిలి కోడలు:
395 మిగిలిందని ధైర్యంగా ఉండకండి. మా బ్రాంచిలో ఫారం తీసుకుని విశాఖలో పెద్ద బ్రాంచికి పంపారు. వాళ్లు చేసిన గంటకి ఉన్న రేటే పడింది, ఉదయం చెప్పింది కాదు. మీకు డాలరు 8 పైసలు పెరిగితే ఆ 395 చాలదు. అకౌంట్‌లో ఇంకో ఐదు వేలు ఉంచుకునే వెళ్లండి.

కోట కూడలి:
అవును, అది ఉంచుకోండి. రేటు వేసే ముందు ఫోన్ చేయమని ఫారం మీదే రాయండి. పంపాక స్విఫ్ట్ కాపీ, అంటే మన బ్యాంకు అక్కడి బ్యాంకుకి పంపిన సందేశం నకలు, అడిగి తీసుకోండి. అందులో ఛార్జీల దగ్గర OUR అని ఉండాలి. SHA అని కనిపిస్తే అదే రోజు పట్టుకోండి, డబ్బు చేరాక మార్చడం కష్టం.

నాగావళి ఒడ్డు:
అమ్మాయి సొంత అకౌంట్‌కైతే నేను SHAలోనే పంపుతాను. అక్కడ 25 తగ్గితే తగ్గింది, ఎవరూ బాకీ రాయరు. OURకి కట్టే 2,250 అంటే దాదాపు 25 డాలర్లు, మధ్య బ్యాంకు 10 మాత్రమే కోసిన రోజు 15 మిగిలినట్టే.