ప్యాకెట్ పాలను మళ్లీ కాచాలా? గర్భిణి కోసం అడుగుతున్నాను

మా చెల్లెలికి ఐదో నెల. దగ్గర్లోని డెయిరీ ఫామ్ వాళ్లు గాజు సీసాల్లో పచ్చిపాలు ఇస్తూ, కాస్తే పోషకాలు పోతాయి, అలాగే తాగమంటున్నారు. దానికి నేను ఒప్పుకోలేదు. ఆవు ఆరోగ్యంగా కనిపించినా పచ్చిపాలలో బ్రూసెల్లా, లిస్టీరియా అనే క్రిములు ఉండవచ్చు, రెండూ గర్భస్రావానికి దారితీయగలవు. కాస్తే కాల్షియం ఎక్కడికీ పోదు, ప్రోటీన్ కూడా దాదాపు అంతే ఉంటుంది. తగ్గేది బి1, బి12, ఫోలేట్ వంటివి, అదీ కొంతే.

నా సందేహం ప్యాకెట్ పాల గురించి. పాశ్చరైజేషన్‌లో 72 డిగ్రీల వద్ద 15 సెకన్లు వేడిచేస్తారు కాబట్టి రోగకారక క్రిములు చస్తాయి, కానీ పాలను పాడుచేసే కొన్ని మిగులుతాయి. మా వీధి కొట్టులో తెల్లవారే వచ్చిన ప్యాకెట్లు చాలాసేపు ట్రేలలో బయటే ఉంటాయి. అలాంటప్పుడు ఒక్క పొంగు వస్తే చాలా? లేక 135 డిగ్రీలు దాటించి నింపిన యూహెచ్‌టీ డబ్బా కొని, కాచకుండానే ఇవ్వడం మేలా? ఆ యూహెచ్‌టీ పాలతో తోడుపెడితే పెరుగు పలుచగా వస్తోంది, అది పాల దోషమా, తోడు దోషమా? డెయిరీ టెక్నాలజీ తెలిసినవారు చెప్పగలరు.