కొడుకు దుబాయ్ నుంచి వచ్చేదాకా మయ్యత్‌ను ఆపొచ్చా?

హన్మకొండ పొరుగు: మా పక్కింటి ముస్లిం పెద్దాయన ఈ గురువారం రాత్రి పదకొండింటికి పోయిండు. పెద్దకొడుకు దుబాయ్‌ల ఉన్నడు. ఫ్రీజర్ బాక్స్ తెచ్చి ఆపుదామని కొందరు, పొద్దుగాలనే తీస్కపోదామని కొందరు. ఏది సరి? మేం హిందువులం, పూలదండ తీస్కపోవచ్చా?

గుసుల్ పని తెలిసినోడు: ఎన్ని గంటలు ఆపాలె అన్నది చూడుండ్రి. రాత్రే టికెట్ దొరికితే విమానం నాలుగు గంటల లోపే శంషాబాద్ దిగుతది, అక్కడినుంచి హన్మకొండకు రోడ్డు మీద మూడున్నర గంటలు. అంటే శుక్రవారం సాయంత్రం అసర్ నమాజుకు అందుకుంటడు. అంతవరకు ఆపితే ఎవరూ తప్పుపట్టరు. సెలవు దొరకక ఆదివారం వస్తనంటే మాత్రం ఆపొద్దు. జనాజాను, అంటే శవాన్ని, త్వరగా తీసుకపొమ్మని హదీసుల ప్రవక్త మాట. జుమా తర్వాతైతే జనం ఎక్కువ వస్తరని కావాలని ఆపడాన్ని కూడా హనఫీ పద్ధతి పుస్తకాలు మక్రూహ్, అంటే మంచిది కాని పని, అంటయి.

ఆపినా ఆపకున్నా ప్రాణం పోయిన వెంటనే కండ్లు మూయాలె, గడ్డం కింది నుంచి నెత్తిమీదికి గుడ్డ కట్టాలె, కాళ్లు చక్కగ చాపి బొటనవేళ్లు జోడించి కట్టాలె, చేతులు పక్కలకు పెట్టాలె. కొన్ని గంటల్ల ఒళ్లు బిగుసుకుంటది. అప్పుడు నోరు తెరుచుకొని ఉంటే గుసుల్, అంటే శవానికి స్నానం చేయించే టైంల మూసుడు కష్టం, బలవంతంగ వంచితే కీలుకు దెబ్బ.

జగిత్యాల వాసి: గుసుల్ ముందే చేసి, కఫన్ గుడ్డ చుట్టి బాక్స్‌ల పెడితే పని అయిపోతది గదా. తర్వాత ఏమన్న కారితే గుసుల్ మొత్తం మళ్లీ చెయ్యాలె, అంతే.

గుసుల్ పని తెలిసినోడు: సగమే నిజం భాయ్. కఫన్ వేయకముందు కారితే ఆ చోటు కడిగితే చాలు, కఫన్ తొడిగినంక కారితే మళ్లీ గుసుల్ లేదు. అసలు చిక్కు బాక్స్‌తోనే. మూత తీసి పెట్టినకొద్దీ చల్లటి ఒంటిమీద తడి పడుతది, కఫన్ నానుతది. అందుకే గుడ్డ కప్పి బాక్స్‌ల పెట్టి, తీసుకపోవడానికి గంటన్నర ముందు బయటికి తీసి గుసుల్ ఇయ్యాలె. రేగాకు వేసి కాచిన నీళ్లు గోరువెచ్చగ ఉండాలె. కొద్దిగ వెన్ను ఎత్తి కడుపును మెల్లగ నొక్కుతరు. ఒళ్లు బిగుసుకొని ఉంటే లేవదు, అప్పుడు బలవంతం చెయ్యొద్దు. నోట్ల, ముక్కుల నీళ్లు పొయ్యరు, తడి దూదితోటి తుడుస్తరు. ముందు కుడిపక్క, తర్వాత ఎడమపక్క, మూడుసార్లు. బొడ్డు నుంచి మోకాళ్ల దాకా గుడ్డ తియ్యకూడదు, కడిగేటోడు చేతికి గుడ్డ చుట్టుకోవాలె. తుడిచినంక నమాజుల సజ్దా చేసేటప్పుడు నేలకు ఆనే చోట్ల కర్పూరం రాసి మూడు గుడ్డల కఫన్: ఖమీస్, ఇజార్, పైన లిఫాఫా. కట్లు ఖబర్‌ల దించినంక విప్పుతరు.

మెట్‌పల్లి కోడలు: మా అత్తకు ఐదు గుడ్డలు పెట్టిండ్రు, ఇక్కడ మూడే అంటున్నరేంది? పైంగ మామను కడగనియ్యలేదు.

గుసుల్ పని తెలిసినోడు: ఆడోళ్లకు ఐదేనమ్మా, తలకు ఓఢ్నీ, ఛాతీకి సీనాబంద్ అదనం. ఇక్కడ అడిగింది మొగమనిషి గురించి. హనఫీల భార్య భర్తకు గుసుల్ ఇయ్యొచ్చు, భర్త భార్యకు ఇయ్యొద్దు, చూడొచ్చు. మిగిలిన మజ్హబ్‌ల పద్ధతులు ఇయ్యొచ్చంటయి. ఆ గొడవ వేరే.

వడ్డేపల్లి మసీదు దగ్గర: కొడుకు రాకపోతే ఇంకో దారి ఉంది. పోయినాయనకు తండ్రి లేనప్పుడు ఇంటోళ్లల్ల జనాజా నమాజు చదివించే హక్కు కొడుకుదే. ఫోన్‌ల "తమ్ముడు చదివించనీ" అని ఇజాజత్ ఇస్తే అయిపోయినట్టే. అడగకుండ వేరేటోళ్లు చదివిస్తే వచ్చినంక ఖబర్ దగ్గర మళ్లీ చదివే హక్కు అడుగుతడు, గొడవ అక్కడ మొదలైతది.

జగిత్యాల వాసి: శవం ఎదురుగ లేకున్నా దుబాయ్‌లనే గాయబానా నమాజు చదువుకోవచ్చు గదా. దూరదేశంల పోయిన నజాషీ రాజుకు ప్రవక్త చదివిండ్రు.

వడ్డేపల్లి మసీదు దగ్గర: అహలె హదీసోళ్లు చదువుతరు. హనఫీలు అది నజాషీకే ప్రత్యేకం అంటరు. దీని మీద మనం తెల్లారేదాకా కొట్టుకోవచ్చు.

హన్మకొండ అన్నా, పూలదండ వద్దు. ఇంటికి పోయి కూర్చోండి, గట్టిగ ఏడుపులు, ఫొటోలు వద్దు. ఆఖరి చూపు కఫన్ ముఖం మీద కప్పేలోపే. నమాజుల నాలుగుసార్లు అల్లాహు అక్బర్ అనే తక్బీర్‌లే, వంగే రుకూ, నేలకు ఆనే సజ్దా ఉండవు, చెప్పులు విడిచి వరుసల వెనక నిలబడితే చాలు. భుజం పట్టాలనిపిస్తే ఇంటోళ్లను అడిగి పట్టండి. మన దగ్గర నమాజుకు తిరిగే ఖిబ్లా దిక్కు పడమర కాబట్టి తల ఉత్తరానికి, కాళ్లు దక్షిణానికి పెట్టి కుడిపక్కకు తిప్పి పడుకోబెడ్తరు. మీరు మట్టి వేయడానికి పోతే ఖబర్ అంచు మీద నిలబడొద్దు, మెత్తటి మట్టైతే విరిగి లోపల పడ్తది. ఆ రోజు ఇంట్ల పొయ్యి మీద ధ్యాస ఉండదు, మీ ఇంటినుంచి పప్పన్నం పంపితే అదే పెద్ద మేలు.

హన్మకొండ పొరుగు: టికెట్ దొరికిందట, పొద్దున ఆరింటికి విమానం. దవడ మాత్రం ఎవరూ కట్టలే, ఇప్పుడే చెప్పి పంపిన.

గుసుల్ పని తెలిసినోడు: రెండు గంటలే గదా అయింది, ఇప్పుడు కట్టినా నిలుస్తది. బాక్స్ మూత మాటిమాటికి తెరవనియ్యకండి.