"ఆయ్" అంటే అంగీకరించినట్టా? మినిట్స్ పుస్తకంలో ఏం రాయాలి

పుస్తకం_రాసేవాణ్ణి:
మాది కోనసీమలో చిన్న కాలువ కింద రైతుల సంఘం, మినిట్స్ రాసేది నేనే. కాలువలు కట్టేసే ముందు మా బోదెలో గుర్రపుడెక్క తీయించడానికి రామాలయం దగ్గర మీటింగ్ పెట్టాం. 140 ఎకరాలకి ఎకరాకి 500 చొప్పున వేస్తే 70,000 వస్తుందని ప్రెసిడెంటు గారు చెప్పారు. అందరూ "ఆయ్" అన్నారు. నేను "కూలంకషంగా చర్చించి, ఎకరాకు రూ. 500 వసూలు చేయుటకు ఏకగ్రీవంగా అంగీకరించడమైనది" అని రాశాను. పొక్లెయిన్‌కి 20,000 అడ్వాన్సు కూడా ఇచ్చేశాం. ఇప్పుడు వసూలుకి వెళ్తే ఇద్దరు "నేనెప్పుడు ఒప్పుకున్నాను" అంటున్నారు. నేను రాసింది తప్పా?

శివారు_పొలం:
తమ్ముడూ, ముందు మా వంతు సంగతి చూడండి. మాది చివరి తూము. దాళ్వాలో వంతు రోజు అర్ధరాత్రి దాటాక నీళ్లు వస్తాయి, టార్చిలైటు పట్టుకుని గట్టు మీద కూర్చోవాలి. పైవాళ్లేమో తూము సగం దించి వదిలేస్తారు. లస్కరుకి చెప్తే "పైనుంచే రావట్లేదండీ" అంటాడు. 500 కాదు 1000 అయినా ఇస్తాం గానీ నీళ్లెవరిస్తారు?

పుస్తకం_రాసేవాణ్ణి:
బాబాయ్, మీరు చెప్పింది నిజమే గానీ నేనడిగింది వంతు గురించి కాదు, రాత గురించి.

గట్టు_మీద_మాట:
తప్పేం లేదు. మౌనం అర్ధాంగీకారం అని ఊరికే అన్నారా? కూర్చుని, విని, టీ తాగి వెళ్లిపోయి ఇప్పుడు కాదంటే ఎలా? పుస్తకం మొదట్లో సంతకాలు కూడా ఉంటాయిగా, అవి చూపించండి, నోరు మూసుకుంటారు.

పాత_గుమాస్తా:
అర్ధాంగీకారం అని మీరే అంటున్నారు. మిగతా సగం ఎక్కడుందండీ? నేను ఇరవై ఏళ్ల పైన ఆఫీసు పుస్తకాలు రాశాను, అందులో సగం కాలం ఇదే తప్పు చేశాను, అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నా, విసుక్కోకండి.

మన వైపు "ఆయ్" అంటే ఒప్పుకున్నట్టు కాదు, "వింటున్నామండీ, చెప్పండి" అని. పెళ్లిలో పెద్దాయన ఏదన్నా చెబుతుంటే మనం ఆయ్ ఆయ్ అంటాం, చెప్పిందంతా చేస్తామనా? "సరేలెండి" అంటే ఇక పోనివ్వండి అని. "చూద్దాం లెండి" అంటే చాలాసార్లు కాదనే. ఈ మూడింటినీ తీసుకెళ్లి పుస్తకంలో "అంగీకరించడమైనది" అనే ఒకే మాట కింద పడేస్తే, మీటింగ్‌లో లేని అంగీకారం పుస్తకంలో పుడుతుంది.

ఇక ఆ "అమైనది" సంగతి. చర్చించడమైనది, అంగీకరించడమైనది అంటాం. ఎవరు చర్చించారు, ఎవరు అంగీకరించారు? మాటలో మనిషే లేడు. ఆఫీసు తెలుగులో ఇది మనకి అలవాటైపోయింది, రాసేవాడికి హాయి, ఎవరి పేరూ పెట్టక్కర్లేదు. కానీ గొడవ వచ్చిన రోజున ఆ వాక్యానికి సాక్షి ఒక్కడూ దొరకడు. అదే "ప్రెసిడెంటు ప్రతిపాదించారు, ఫలానా సభ్యుడు అడిగారు" అని రాయబోతే కర్త కోసం వెతకాల్సి వస్తుంది. వెతికితే ఎవరూ లేరని అప్పుడే తెలిసిపోతుంది.

ఇక కూలంకషం. కూలం అంటే గట్టు, గట్టుల్ని ఒరుసుకుంటూ పారే ఏటిని కూలంకష అంటారు. మన గోదారి వరదలో గట్టు కోసేసినట్టు అన్నమాట. మీ మీటింగ్‌లో ఏ గట్టు తెగింది బాబూ? ఎంతసేపు మాట్లాడారు, ఎంతమంది మాట్లాడారు?

పుస్తకం_రాసేవాణ్ణి:
నవ్వొచ్చింది గానీ సిగ్గేసింది కూడా అండీ. నిజం చెప్పాలంటే ఈ అంశం మీద పది నిమిషాలు. పొక్లెయిన్ గంటకి ఎంత అని ఇద్దరు అడిగారు. శివారు వాళ్లకి నీళ్లే సరిగా రావు కాబట్టి వాళ్ల వాటా తగ్గించాలని ఒకాయన అన్నారు. ప్రెసిడెంటు గారు "అది తర్వాత చూద్దాం, ముందు మొదలెడదాం" అన్నారు. అంతే. తర్వాత దాళ్వా ధర గురించి మాటలు మొదలయ్యాయి.

సంతకాలంటారా, 31 ఉన్నాయి. కానీ అవి మీటింగ్ మొదట్లోనే ఖాళీ పేజీ పైన పెట్టించాను. కింద రాసింది ఇంటికొచ్చాక.

గట్టు_మీద_మాట:
అయ్యో, అది చెప్పకపోతే ఎలా!

పాత_గుమాస్తా:
ఇదే అసలు చిక్కు. ఆ సంతకాలు "వచ్చాం" అని మాత్రమే చెబుతాయి. ఖాళీ పేజీ మీద పెట్టిన సంతకం కింద తీర్మానం రాస్తే, దాన్ని ఒప్పుకున్న సంతకంలా ఎవరికైనా చూపించొచ్చు. ఆ ఇద్దరికీ కోపం అందుకే వచ్చి ఉంటుంది, 500 రూపాయలకే కాకపోవచ్చు. హాజరు సంతకాలు వేరే పేజీలో తీసుకోండి. తీర్మానం అక్కడే రాసి, చదివి వినిపించి, ఆ తర్వాత దాని కింద ప్రెసిడెంటు సంతకం.

మీరు చెప్పినదాన్నిబట్టి నేనైతే ఇలా రాసేవాణ్ణి:

"గుర్రపుడెక్క తొలగింపుకు ఎకరాకు రూ. 500 చొప్పున వసూలు చేయాలని అధ్యక్షుడు ప్రతిపాదించారు. పొక్లెయిన్ అద్దె ఎంతని ఇద్దరు సభ్యులు అడిగారు. శివారు రైతుల వాటా తగ్గించాలని ఒక సభ్యుడు కోరారు. ఆ విషయం తర్వాత చూద్దామని అధ్యక్షుడు చెప్పారు. దానిపై చర్చ జరగలేదు. ప్రతిపాదనపై సభ్యుల అభిప్రాయం విడిగా అడగలేదు. పని మొదలుపెట్టాలని అధ్యక్షుడు చెప్పారు."

చూడండి, ఇందులో "చర్చించారు" లేదు, "అంగీకరించారు" అసలే లేదు. ఒకరు అడగడం, ఇంకొకరు చెప్పడం చర్చ కాదు. ఒక మాటకి ఎదురు మాట వచ్చి, దానికి మళ్లీ జవాబు వచ్చి, ఎవరో ఒకరు తమ అభిప్రాయం కాస్త మార్చుకోవడమో గట్టిపరుచుకోవడమో జరిగితే చర్చ అందాం. ఇక్కడ ఎదురు మాట ఒక్కటి వచ్చింది, దాన్ని పక్కన పెట్టేశారు. పక్కన పెట్టినట్టే రాయాలి.

కాకినాడ_సీఎస్:
గుమాస్తా గారితో చాలావరకు ఏకీభవిస్తా. నేను కంపెనీల మినిట్స్ చూస్తాను, అక్కడి లెక్క వేరు, మీ సంఘానికి ఆ చట్టం వర్తించదు, అది ముందే చెప్తున్నా. కంపెనీల చట్టం 2013 సెక్షన్ 118 ప్రకారం మినిట్స్ అంటే జరిగినదాని న్యాయమైన, సరైన సారాంశం. ప్రతి మాటా దింపక్కర్లేదు. కానీ బోర్డు మీటింగ్‌లో తీర్మానానికి ఒప్పుకోని డైరెక్టరు ఉంటే ఆయన పేరు రాయాల్సిందే. డ్రాఫ్టు 15 రోజుల్లో అందరికీ పంపాలి, వాళ్లు తమ మాట చెప్పడానికి 7 రోజులుంటాయి. మీరు వాట్సాప్ గ్రూపులో పేజీ ఫోటో పెడితే సగం తగువు అక్కడే తేలిపోతుంది.

"లేవనెత్తారు" అనే మాటతో జాగ్రత్త. పేపర్లలో అది ఆరోపణ వాసన వేస్తుంది. వాటా తగ్గించమని అడిగినాయన గురించి "అభ్యంతరం లేవనెత్తారు" అంటే గొడవకి దిగినట్టుంటుంది, "ప్రస్తావించారు" అంటే ఏదో మాటవరసకి అన్నట్టుంటుంది. గుమాస్తా గారు రాసిన "కోరారు" సరిగ్గా సరిపోయింది.

గట్టు_మీద_మాట:
కంపెనీ వేరు, ఊరు వేరు సార్. ఫలానా ఆయన వ్యతిరేకించాడు అని పుస్తకంలో పేరు పెట్టండి, రేపు ఆయన వంతు రోజు తూము ఎవరెత్తుతారో చూద్దాం. "అంగీకరించడమైనది" అని పేరు లేకుండా రాసేది ఊళ్లో మొహాలు చూసుకోవాలని. మీరంతా భాష అంటున్నారు, నేను కడుపు అంటున్నా.

పాత_గుమాస్తా:
ఈ మాటలో న్యాయం ఉంది, కాదనను. నేనూ అందుకే "ఒక సభ్యుడు" అన్నాను. పేరు దాచొచ్చు, జరిగినదాన్ని మార్చకూడదు. కానీ ఎవరైనా "నా పేరుతో రాయండి" అని అడిగితే మాత్రం రాసి తీరాలి.

కాకినాడ_సీఎస్:
నేను దీనికి ఒప్పుకోను. డబ్బు వసూలు చేసే తీర్మానంలో కాదన్నవాడి పేరు లేకపోతే, రేపు ఊళ్లో సగం మంది ఆ "ఒక సభ్యుడు" నేనే అంటారు.

శివారు_పొలం:
ఆ ఒక సభ్యుణ్ణి నేను కాదు గానీ, మావాడే. ఆయన అన్న మాట అసలు పుస్తకంలో లేదనే వాడి బాధ. డబ్బు ఇస్తాడు వాడు.

పుస్తకం_రాసేవాణ్ణి:
ఇది ముందే చెబితే నాకింత టెన్షన్ ఉండేది కాదు బాబాయ్. ఇంతకీ రాసి సంతకం కూడా అయిపోయింది. ఇప్పుడు కొట్టేసి మళ్లీ రాయొచ్చా?

పాత_గుమాస్తా:
అస్సలు వద్దు. తెల్ల ఇంకు పూయొద్దు, పేజీ చింపొద్దు. ప్రెసిడెంటు సంతకం పడ్డాక ఆ పేజీ అలాగే ఉండాలి. వచ్చే మీటింగ్‌లో మొదటి అంశంగా పాత మినిట్స్ చదవండి, తేడా చెప్పండి, "గత సమావేశపు ఫలానా అంశంలో 'ఏకగ్రీవంగా అంగీకరించడమైనది' అన్నది సరికాదని సభ్యులు తెలిపారు, సవరణ ఇది" అని కొత్త పేజీలో రాయండి. ఒకటి గుర్తుంచుకోండి, పాత మినిట్స్‌ని ఆమోదించడమంటే రాసింది నిజమని ఒప్పుకోవడమే, ఆ నిర్ణయాన్ని మళ్లీ ఒప్పుకోవడం కాదు. 500 సంగతి తేలాలంటే అదే రోజు విడిగా అడగాలి. "ఎవరికైనా అభ్యంతరమా" అని అడిగితే మళ్లీ ఆయ్ అంటారు. "ఒప్పుకునేవాళ్లు చెయ్యెత్తండి, కాదనేవాళ్లు ఎత్తండి" అని రెండుసార్లు అడిగి రెండు అంకెలూ రాయండి. ఏకగ్రీవం అంటే ఒకే కంఠం. 31 మందిలో 27 మంది చెయ్యెత్తితే అది మెజారిటీ, ఏకగ్రీవం కాదు, మెజారిటీ అని రాసినంత మాత్రాన తీర్మానం బలం తగ్గిపోదు.

గట్టు_మీద_మాట:
చేతులెత్తిస్తే మొహమాటానికి అందరూ ఎత్తేస్తారు. ఇదీ ఆయ్ లాంటిదే, చెయ్యితో ఆయ్.

పాత_గుమాస్తా:
దానికి నా దగ్గర మందు లేదు బాబూ. ఎత్తిన చేతులే లెక్క రాయగలను.

పుస్తకం_రాసేవాణ్ణి:
అమావాస్య వెళ్లాక మీటింగ్ పెడుతున్నామండీ. ప్రెసిడెంటు గారికి చెబితే "ఏకగ్రీవం తీసేస్తే నా పరువేం కాను" అన్నారు. పొక్లెయిన్ వాడు ఈలోగా రోజూ ఫోన్ చేస్తున్నాడు.