హైదరాబాద్, క్రాకోవ్, డాలస్: ఒక్క గంట ఓవర్‌ల్యాప్‌తో ప్రాజెక్టు నడిపేదెలా?

కొత్త_లీడ్_కొండాపూర్
పేమెంట్స్ ప్రాజెక్టు ఒకటి నా చేతికొచ్చింది. డెవలపర్లలో ఎక్కువమంది హైదరాబాద్‌లో, టెస్టింగ్ పోలండ్‌లోని క్రాకోవ్‌లో, బిజినెస్ వాళ్లు, ఆర్కిటెక్టు డాలస్‌లో. ముగ్గురికీ కుదిరేది డాలస్ ఉదయం 8:30కి పెట్టుకున్న ఒక్క గంటే. ఆ గంటంతా ఎవరు ఏం చేశారో చెప్పుకోవడంతోనే అయిపోతోంది. మేం అడిగిన చిన్న సందేహానికి మర్నాడు జవాబు వస్తుంది, అది అర్థం కాక మళ్లీ అడిగితే ఇంకో రోజు పోతుంది. ఇలాంటి టీమ్ నడిపినవాళ్లు ఎవరైనా చెప్పండి.

రాత్రిపక్షి
అన్నా, నైట్ షిఫ్ట్ అలవెన్స్ ముందు మాట్లాడుకో. మా సపోర్ట్ ప్రాజెక్టులో రాత్రి 10 దాటితే క్యాబ్, భోజనం కంపెనీదే. అది తేలకుండా ఒప్పుకుంటే తర్వాత ఎవరూ పట్టించుకోరు.

కొత్త_లీడ్_కొండాపూర్
థాంక్స్ అన్నా, కానీ మాది షిఫ్టు పని కాదు. అందరూ పగలే పనిచేస్తారు. సాయంత్రం ఆ ఒక్క గంట గురించే నా బాధ.

టెక్సాస్_బాబాయ్
నేను డాలస్ వైపు నుంచి చాలాకాలంగా ఇదే పని చేస్తున్నాను. ఆ గంటలో స్టేటస్ చెప్పుకోవడం ఆపేయండి బాబూ. స్టేటస్‌ను రాసి పంపవచ్చు. ఎదురుగా మాట్లాడితే తప్ప తేలనివాటికే ఆ గంట ఉంచండి. ఏది తేలదో ఎలా తెలుస్తుందంటే, టికెట్‌లో కామెంట్లు చూడండి. ఒకే సందేహం మీద రెండుసార్లు అటూ ఇటూ తిరిగినా తేలలేదంటే మూడోసారి రాయొద్దు, అది కాల్‌కి తీసుకురండి. రాతలో రెండు రోజులు తిన్నది అక్కడ ఐదు నిమిషాల్లో తేలుతుంది.

ఇక హ్యాండోవర్. మా దగ్గరికి వచ్చే నోట్లు చాలావరకు ఇలా ఉంటాయి: "రీట్రై పని దాదాపు అయింది, చూడగలరు." దీంతో నేనేం చేయాలి? అదే నోట్ ఇలా ఉంటే పని సాగుతుంది:

```
టికెట్: పేమెంట్ రీట్రై
బ్రాంచ్: retry-fix
అయింది: టైమౌట్ వస్తే మళ్లీ ప్రయత్నిస్తోంది
మిగిలింది: ఒకే పేమెంట్ రెండుసార్లు పడకుండా చెక్
సందేహం (ఆర్కిటెక్టుకి): 3 ప్రయత్నాలు చాలా, 5 కావాలా?
జవాబు రాకపోతే: మార్చి 12, ఉదయం 10
(హైదరాబాద్) నుంచి 3తో వెళ్తాం
```

చివరి రెండు లైన్లే అసలైనవి. జవాబు రాకపోయినా మీ ఉదయం వృథా కాదు. నాకు 3 నచ్చకపోతే ఆ లోపు చెప్తాను. అయితే ఒక హద్దు ఉంది. మర్నాడు మార్చుకోగలిగేవాటికే ఇలా రాయాలి. ప్రొడక్షన్ డేటా మార్చడం, కస్టమర్ డబ్బు కదిలించడం లాంటివాటిలో మౌనాన్ని ఒప్పుకోలుగా తీసుకోవద్దు. అక్కడ ఎన్నాళ్లు పట్టినా ఆగాల్సిందే.

UTC_సూర్యం
ఇంత గొడవెందుకు? మీటింగులన్నీ UTCలో పెట్టేయండి. టైమ్ జోన్ సమస్యే ఉండదు.

బెజవాడ_స్రవంతి
సూర్యం గారూ, లాగ్‌లకు, రిలీజ్ టైమ్‌లకు మీరన్నది కరెక్టే. వారం వారం వచ్చే మీటింగ్‌కి మాత్రం కాదండి. UTCలో పెడితే మనకి ఏడాదంతా ఒకటే టైము, ఎందుకంటే ఇక్కడ గడియారం మారదు. డాలస్‌కీ క్రాకోవ్‌కీ మాత్రం ఏడాదికి రెండుసార్లు గంట జరుగుతుంది. పిల్లల్ని స్కూల్లో దింపి 8:30కి కూర్చునే మనిషికి నవంబర్‌లో ఆ మీటింగ్ 7:30కి వచ్చి పడుతుంది.

పైగా ఆ రెండు ఊళ్లూ ఒకే రోజు మారవు. 2026లో అమెరికా మార్చి 8న మారింది, యూరప్ 29న మారుతుంది. లీడ్ గారి మీటింగ్ డాలస్ 8:30కి కట్టి ఉంది కాబట్టి మార్చి 8కి ముందు హైదరాబాద్‌లో రాత్రి 8, క్రాకోవ్‌లో మధ్యాహ్నం 3:30. ఇప్పుడు మూడు వారాలు మనకి 7, వాళ్లకి 2:30. 29 నుంచి మనకి 7 అలాగే ఉంటుంది, వాళ్లకి మళ్లీ 3:30. ఈ మూడు వారాల్లోనే కాల్స్ మిస్సవుతాయి. అనుమానం వస్తే నేను లైనక్స్‌లో ఇది కొట్టి చూస్తాను:

```
TZ="Asia/Kolkata" date -d 'TZ="America/Chicago" 2026-03-09 08:30'
```

క్యాలెండర్ ఇన్వైట్‌లో ఏ ఊరి టైమ్ జోన్ పెట్టాలన్నది ముందే తేల్చుకోండి. ఎవరి టైము కదిలించడం కష్టమో వాళ్లది పెట్టాలని నా అభిప్రాయం. ఇంకో మాట, నోట్‌లో "శుక్రవారం ఈవోడీ" అని రాయొద్దు. డాలస్ శుక్రవారం సాయంత్రానికి మనకి శనివారం తెల్లవారిపోతుంది.

టెక్సాస్_బాబాయ్
శుక్రవారం గురించి స్రవంతి సరిగ్గా చెప్పింది. మేం శుక్రవారం పగలు చేసి పంపినది మీరు సోమవారం గాని ముట్టుకోరు. మీ సోమవారం ఉదయం మాకింకా ఆదివారం రాత్రి, అప్పుడు మీ సందేహానికి జవాబిచ్చేవాళ్లు ఇక్కడ ఎవరూ ఉండరు. అందుకే మీరు సోమవారానికి ఎవరి మీదా ఆధారపడని పని పక్కన పెట్టుకోండి. డాలస్ జవాబు కావాల్సిన సందేహాలన్నీ గురువారం కాల్‌లోనే అడిగేయండి.

కొత్త_లీడ్_కొండాపూర్
సోమవారం సంగతి నాకు తట్టనే లేదు, మా టికెట్లు ఎక్కువగా ఆరోజే ఆగుతున్నాయి. మరో సందేహం. నోట్ బాగా రాసినా క్రాకోవ్ వాళ్లు చదవడం లేదు. మర్నాడు అడిగితే "మాకని అనుకోలేదు" అంటున్నారు.

బెజవాడ_స్రవంతి
గ్రూపు మొత్తానికి పంపితే అంతేనండి. నోట్ మీద ఒక్క మనిషి పేరు ఉండాలి. ఆ మనిషి "తీసుకున్నాను, ముందు డూప్లికేట్ చెక్ టెస్ట్ చేస్తాను" అని తన మాటల్లో తిరిగి రాయాలి. ఉత్త థంబ్స్-అప్ పెడితే మేం లెక్కలోకి తీసుకోం. తన మాటల్లో రాస్తే తప్పుగా అర్థమైంది కూడా అక్కడే బయటపడుతుంది. మాకు ఒకసారి టెస్టర్ "రీట్రై ఆఫ్ చేసి చూస్తాను" అని రాశాడు, మేం అడిగింది ఆన్‌లో చూడమని. నోట్ రాసిన అమ్మాయి ఇంకా సీట్లోనే ఉంది కాబట్టి వెంటనే సరిచేసింది. అందుకే ఇంటికెళ్లే ముందు చివరి నిమిషంలో కాకుండా అరగంట ముందే నోట్ పంపాలి. క్రాకోవ్‌తో మీకు మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా ఓవర్‌ల్యాప్ ఉంది కదా, ఇది తేలికే.

ఓరుగల్లు_పోరడు
గా క్రాకోవ్‌లనే ఒకరికి నిర్ణయం తీసుకునే అధికారం ఇస్తే అయిపోదా? వాళ్లకు పొద్దున మనతోని, మధ్యాహ్నం డాలస్‌తోని కలుస్తది. మేం గట్లనే చేసినం, సగం సందేహాలు డాలస్ దాకా పోనే పోలేదు.

టెక్సాస్_బాబాయ్
ఆ మనిషికి నిజంగా అధికారం ఉంటే మంచిదే. లేకపోతే ఉత్తరాలు మోసే పని అవుతుంది. మీరు అడిగింది వాళ్లు మమ్మల్ని అడిగి, మేం చెప్పింది మీకు చెప్తారు. మధ్యలో ఒక చెయ్యి పెరిగింది, రోజు తగ్గలేదు. ఏయే విషయాలు మమ్మల్ని అడక్కుండా తేల్చవచ్చో ముందు రాసుకోవాలి.

ఓరుగల్లు_పోరడు
మా దాంట్ల గట్ల కాలే. కానీ మాది చిన్న టీమ్, నలుగురమే ఉంటిమి.

కొత్త_లీడ్_కొండాపూర్
సరేనండి, స్టేటస్‌ను రాతలోకి మార్చేస్తాను, నోట్ మీద ఒక్కరి పేరే పెడతాను. క్రాకోవ్ అధికారం సంగతి డాలస్ వాళ్లని అడగాలి. ఇంకొకటి మిగిలింది. మా టీమ్‌లో ఇద్దరు తల్లులు ఉన్నారు, నవంబర్ నుంచి మార్చి దాకా రాత్రి 8 కాల్ వాళ్లకి పిల్లల అన్నం వేళే. రెండు వారాలకొకసారి డాలస్ వాళ్లు రాత్రి 9కి కూర్చుంటే మాకు చలికాలంలో ఉదయం 8:30 అవుతుంది. కానీ అప్పుడు క్రాకోవ్‌లో తెల్లవారుజాము 4. బాబాయ్ గారూ, మీవైపు వాళ్లు ఒప్పుకుంటారా?

టెక్సాస్_బాబాయ్
నేను కూర్చుంటాను, మా ఆర్కిటెక్టు కూడా కూర్చుంటాడు. బిజినెస్ వాళ్లు ఒప్పుకోవడం మాత్రం నేనింతవరకు చూడలేదు. క్లయింట్ వాళ్లే అయినప్పుడు మనం అడగడానికే జంకుతాం. ఎవరైనా ఒప్పించి ఉంటే ఎలా అడిగారో రాయండి, నాకూ కావాలి.