రెండుసార్లు సేవ్ అయిన ఫైలంటే ఎడిట్ చేసినట్టేనా?

సుధీర్: మా ఫోటో పోటీకి నిబంధన ఒకటే: కెమెరా ఇచ్చిన జేపెగ్‌లో ఏమీ మార్చకూడదు. ఒకరి ఫైల్లో, ఎంత కుదించాలో చెప్పే క్వాంటైజేషన్ టేబుల్ మొదటి వరుస 3 2 2 3 5 8 10 12 అని ఉంది. అదే కెమెరా, అదే సెట్టింగ్‌తో తీసిన ఆయనదే ఇంకో ఫోటోలో 5 3 3 5 7 12 15 18. డీసీటీ విలువల హిస్టోగ్రామ్‌లో ఖాళీలూ కనిపిస్తున్నాయి. అడిగితే "నిలువుగా తిప్పి సేవ్ చేశానంతే" అంటున్నారు. ఎడిట్ చేశారని తేల్చేయొచ్చా?

లలిత: టేబుల్ చూస్తేనే తెలిసిపోతోంది కదండీ. అది లిబ్‌జేపెగ్ లైబ్రరీ 90 క్వాలిటీకి రాసే టేబుల్. ఫోటోషాప్ టేబుళ్లు వేరుగా ఉంటాయి కాబట్టి ఫోటోషాప్ ముట్టుకోలేదు. కెమెరా టేబుల్ కూడా కాదు, కాబట్టి ఎడిట్ అయినట్టే.

కరీం: లలిత గారూ, 90 టేబుల్ అన్నది నిజమే, మిగతాది ఒప్పుకోను. టేబుల్ చెప్పేది చివరిసారి ఫైలు రాసింది ఎవరన్నదే. ఫోటోషాప్‌లో మార్చి, తర్వాత ఇంకో ప్రోగ్రాంలో సేవ్ చేసినా ఇదే టేబుల్ ఉంటుంది. ఏమీ మార్చకుండా ఊరికే సేవ్ కొట్టినా ఇదే.

అసలు సంగతి ఖాళీల్లో ఉంది. సుధీర్ గారూ, ఆయన మాటను ఈ ఫైల్లోనే పరీక్షించొచ్చు. జేపెగ్ ఫోటోను 8×8 పిక్సెళ్ల గడులుగా విడగొట్టి, ఒక్కో గడిని 64 డీసీటీ విలువలుగా మార్చి, ఒక్కోదాన్ని టేబుల్లో అదే స్థానంలోని సంఖ్యతో భాగించి సవరించి దాస్తుంది. మొదటి వరుసలో నాలుగో స్థానం తీసుకోండి. కెమెరా టేబుల్లో అక్కడ 5, కొత్త టేబుల్లో 3. కెమెరా ఫైల్లో ఆ స్థానపు విలువలన్నీ 5 గుణిజాలే: 0, 5, 10, 15, 20. వాటిని 3తో భాగించి దగ్గరి పూర్ణ సంఖ్యకు సవరిస్తే 0, 2, 3, 5, 7 వస్తాయి. 1, 4, 6, 9 దగ్గర దాదాపు ఏమీ ఉండదు. మధ్యలో పిక్సెళ్లను పూర్ణ సంఖ్యలు చేసినప్పుడు కొద్దిగా చెదురుతాయి కాబట్టి పూర్తి సున్నా మాత్రం ఆశించకండి.

ఇది తిప్పకుండా సేవ్ చేసిన ఫోటో లెక్క. 90 డిగ్రీలు తిప్పితే అడ్డు నిలువు తారుమారై, ఆ స్థానానికి మొదటి నిలువు వరుసలోని నాలుగో విలువ వస్తుంది. కెమెరా టేబుల్ మొదటి వరుస లిబ్‌జేపెగ్ 85 క్వాలిటీ టేబుల్‌తో సరిపోతోంది, ఆ టేబుల్లో అక్కడ ఉండేది 4. అప్పుడు 0, 4, 8, 12, 16 విలువలు 3తో భాగిస్తే 0, 1, 3, 4, 5 అవుతాయి. ఖాళీలు 2, 6, 10 దగ్గర పడతాయి. కెమెరా టేబుల్ నిలువు వరుస నిజంగా అంతేనా అన్నది ఆయన ఇంకో ఫోటోలో చూసుకోండి:

```
djpeg -verbose -verbose photo.jpg > /dev/null
```

వేణు: నాకూ ఇదే అన్యాయం జరిగిందండీ. మెసేజింగ్ యాప్‌లో పంపితే అది సైజు తగ్గించేసింది. నా ఫైల్లో ఒక్క ఖాళీ కూడా లేదు, అయినా పోటీవాళ్లు తీసేశారు. ఖాళీలు లేకపోతే ఎడిట్ లేనట్టేగా?

కరీం: కాదండీ. సైజు తగ్గిస్తే పాత 8×8 గడులు కొత్త గడులతో కలవవు, పాత గుర్తులు కలిసిపోయి మాయమవుతాయి. వరుసగా రెండుసార్లు ఒకే టేబుల్‌తో సేవ్ చేసినా ఈ ఖాళీలు రావు. ఖాళీలు లేవంటే, ఈ పద్ధతికి ఏమీ దొరకలేదనే అర్థం.

సుధీర్: కెమెరా టేబుల్ నిలువు వరుసలో నాలుగోది 4 అనే ఉంది. అనుమానం ఉన్న ఫైల్లో 2, 6, 10 దగ్గర గోతులు పడ్డాయి. 1, 4, 9 దగ్గర నిండుగా ఉన్నాయి.

కరీం: అయితే ఆయన తిప్పిన మాట నిలిచింది. ఇంకోటి కూడా తెలిసింది: కాంట్రాస్ట్ పది శాతం పెంచి ఉంటే ఆ 4 కాస్తా 4.4 అయ్యేది, గోతుల చోట్లు జరిగేవి. కాబట్టి ఫోటో మొత్తానికి అలాంటి సవరణ చేయలేదు.

లలిత: మొత్తానికి చేయలేదు సరే. ఒక మూలన ఏదైనా అతికించి ఉంటే?

కరీం: దానికి ఫోటోను ముక్కలుగా చేసి, ఏ ముక్కలో గోతులు పూడిపోయాయో చూడాలి. వేరేచోటి నుంచి తెచ్చిన ముక్క గడులు పాత గడులతో సరిగ్గా కలిసే అవకాశం 64లో ఒకటే.

సుధీర్: చూశాను. ఆకాశం భాగంలో గోతులు లేవు. గోడ మీద 64×64 పిక్సెళ్ల చోట కూడా లేవు.

కరీం: ఆకాశాన్ని వదిలేయండి. నునుపుగా ఉన్నచోట ఆ స్థానపు విలువలన్నీ సున్నా దగ్గరే ఉంటాయి, గోతులు పడటానికి అక్కడ విలువలంటూ ఉండాలి కదా. గోడ సంగతి ఇబ్బందే. 64×64 అంటే 64 గడులు, ఈ స్థానానికి 64 సంఖ్యలు. అంత తక్కువలో గోతి నిజంగా పూడిందో, యాదృచ్ఛికంగా అలా కనిపించిందో చెప్పలేను. వేరే స్థానాలన్నీ కలిపి చూస్తే కొంత బలం వస్తుంది.

లలిత: కొంత బలంతో ఒకరి ఫోటో తీసేయకూడదు, అది ఒప్పుకుంటా. కానీ నిబంధన ప్రకారం తిప్పి సేవ్ చేయడమూ మార్చడమేగా?

సుధీర్: అది కమిటీ తేల్చాలి. గోడ దగ్గర మిగతా స్థానాల హిస్టోగ్రామ్‌లు రేపు పెడతాను.