కిడ్నీ రాయి తీశాక మూడు లీటర్లు: టీ, మజ్జిగ ఆ లెక్కలో చేరతాయా?

ఎంవీపీ సుధ:
మా నాన్నగారికి అరవై ఆరేళ్లు. గత నెలలో కిడ్నీలో రాయి తీశారు. ఇకపై రోజుకు మూడు లీటర్ల నీళ్లు తాగాలని డాక్టరు గారు చెప్పారు. నాన్నగారు మాత్రం "నాలుగు టీలు, రెండు గ్లాసుల మజ్జిగ తాగుతున్నాను, అవి నీళ్లు కావా?" అని అడుగుతున్నారు. అవి లెక్కలోకి వస్తాయా, రావా?

గాజువాక అప్పలరాజు:
రావమ్మా. టీ తాగిన అరగంటకల్లా మూత్రానికి వెళ్లాల్సి వస్తుందన్నది అందరికీ తెలిసిందే. ఇచ్చిన దానికంటే ఎక్కువ తీసుకుపోయే ద్రవాన్ని నీళ్లుగా ఎలా లెక్కపెడతారు? కాఫీ సంగతి చెప్పనే అక్కర్లేదు. నాన్నగారికి బాటిల్ ఇచ్చి, ఆ బాటిల్ నీళ్లే లెక్క అని చెప్పండి.

లాసన్స్ బే మూర్తి:
అప్పలరాజు గారు చెప్పినదానిలో సగం నిజముంది. కెఫీన్ మూత్రాన్ని కొంత పెంచుతుంది, కాని ఆ ప్రభావం స్పష్టంగా కనిపించేది అలవాటు లేనివారు ఒక్కసారిగా ఎక్కువ మోతాదు తీసుకున్నప్పుడే. ఏళ్ల తరబడి రోజూ తాగేవారి శరీరం దానికి అలవాటుపడుతుంది. 2014లో బర్మింగ్‌హామ్ పరిశోధకులు కాఫీ అలవాటున్న యాభై మంది పురుషులకు కొన్ని రోజులు రోజుకు నాలుగు కప్పుల కాఫీ, మరికొన్ని రోజులు దానికి బదులు అంతే నీళ్లు ఇచ్చి పోల్చిచూస్తే, శరీరంలో నీటి నిల్వలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. మన టీలో కాఫీకంటే కెఫీన్ తక్కువ. టీ తాగిన అరగంటకు మూత్రం వస్తోందంటే అందులోని నీరు ఒంటికి పట్టిందనే అర్థం. నీళ్లు తాగినా అలాగే వస్తుంది.

కనుక టీ, మజ్జిగ రెండూ లెక్కలోకి వస్తాయి. అయితే మన టీ గ్లాసు నూరు మిల్లీలీటర్లకు మించదని గుర్తుంచుకోవాలి. నాలుగు టీలు కలిపినా అరలీటరు కాదు.

మధురవాడ కిరణ్:
అసలు సమస్య ఎంత నీరు అన్నది కాదు, ఏ నీరు అన్నది. మా అపార్టుమెంటు బోరు నీళ్లతో గిన్నెల అడుగున తెల్లటి పొర కడుతోంది. అదే పొర కిడ్నీలోనూ కడుతుంది కదా? ముందు ఫిల్టరు మార్చుకోమనండి. మజ్జిగలోనూ కాల్షియమే ఉంటుంది కాబట్టి అది కూడా మానాలి.

లాసన్స్ బే మూర్తి:
కిరణ్ గారూ, గిన్నెలో పొర కట్టేది నీరు మరిగి ఆవిరైపోయినప్పుడు. కిడ్నీలో రాయి కట్టే పద్ధతి వేరు. కాల్షియం ఆక్సలేటు రాళ్ల విషయంలో ఆహారంలోని కాల్షియం శత్రువు కాదు. భోజనంతో పాటు తీసుకున్న పెరుగు, మజ్జిగలలోని కాల్షియం పేగులోనే ఆక్సలేటును పట్టుకుని మలంతో బయటికి పంపిస్తుంది. పాలు, పెరుగు మానేసినవారిలో ఆక్సలేటు రక్తంలోకి ఎక్కువగా చేరుతుంది. మజ్జిగలో జాగ్రత్తపడవలసింది ఉప్పు గురించి. ఉప్పు ఎక్కువైతే మూత్రంలోకి కాల్షియం ఎక్కువగా దిగుతుంది. ఆవకాయ, ఎండుచేప తినే ఇంట్లో మజ్జిగలోనూ ఉప్పు వేసుకుంటే మేలుకంటే కీడే జరగవచ్చు. సుధ గారి నాన్నగారికి ఉప్పు వేయని మజ్జిగ నిరభ్యంతరంగా ఇవ్వవచ్చు.

పూర్ణామార్కెట్ లక్ష్మి:
నేను బట్టల దుకాణంలో పనిచేస్తాను. ఉదయం పది నుంచి రాత్రి తొమ్మిది దాకా నిలబడే ఉంటాం. ఆడవాళ్లకు మరుగుదొడ్డి లేదు. పక్క వీధిలోని హోటలుకు వెళ్లి బతిమాలుకోవాలి. అందుకని మేమెవరమూ మధ్యాహ్నం దాకా నీళ్లు ముట్టుకోము. మూత్రంలో మంట వచ్చి నేను మందులు వాడడం ఇది మొదటిసారి కాదు. ఎన్ని లీటర్లు తాగాలని ఇక్కడ వాదించుకుంటున్నారు గాని, తాగినవారు ఎక్కడికి వెళ్లాలో ఎవరూ చెప్పడం లేదు.

గాజువాక అప్పలరాజు:
లక్ష్మి గారు చెప్పిందే నిజమైన ప్రశ్న. మూర్తి గారు మాత్రం విదేశాల్లో యాభై మందికి కాఫీ పోసిన కథ చెబుతున్నారు. ఆ యాభై మంది మే నెలలో రేకుల షెడ్డు కింద వెల్డింగు చేశారా?

లాసన్స్ బే మూర్తి:
చేయలేదు. ఆ పరీక్ష ఫలితాన్ని ఎండలో పనిచేసేవారికి యథాతథంగా అన్వయించకూడదన్నది సరైన మాటే. అయినా టీలోని నీరు నీరేనన్న విషయం దానివల్ల మారదు.

మధురవాడ కిరణ్:
రోజుకు ఎనిమిది గ్లాసులని చిన్నప్పటి నుంచి వింటున్నాం. మూడు లీటర్లంటే పన్నెండు గ్లాసులు. ఏది నిజం?

లాసన్స్ బే మూర్తి:
1945లో అమెరికా ఆహార, పోషణ మండలి పెద్దవారికి రోజుకు సుమారు రెండున్నర లీటర్ల నీరు కావాలని రాస్తూ, అందులో చాలా భాగం తినే ఆహారంలోనే ఉంటుందని అక్కడే చెప్పింది. ఎనిమిది గ్లాసుల మాటకు మూలం ఇదేనని, ఆ రెండో వాక్యం క్రమంగా జారిపోయిందని చాలామంది భావిస్తారు. మన అన్నం, పప్పు, చారు, కూరలలో నీరు తక్కువేమీ కాదు. ఆరోగ్యవంతులకు దాహమే చాలావరకు సరిపడే కొలత. రాయి వచ్చినవారికి మాత్రం దాహం సరిపోదు, ఎందుకంటే వారి లక్ష్యం దాహం తీరడం కాదు, మూత్రం పలుచబడడం.

అందుకే సుధ గారు, నాన్నగారు ఎంత తాగారన్నదానికంటే ఎంత మూత్రం పోశారన్నది కొలిస్తే మంచిది. ఇటలీలో 1996లో వెలువడిన ఒక పరిశోధనలో, మొదటిసారి రాయి వచ్చినవారిలో ఒక జట్టుకు రోజుకు రెండు లీటర్లకు తగ్గకుండా మూత్రం వచ్చేలా నీళ్లు తాగమని చెప్పారు. ఐదేళ్లలో వారిలో పన్నెండు శాతం మందికి మళ్లీ రాయి వచ్చింది. అలా చెప్పని జట్టులో ఇరవై ఏడు శాతం మందికి వచ్చింది. ఇప్పుడు వైద్యులు సాధారణంగా రెండున్నర లీటర్ల మూత్రాన్ని లక్ష్యంగా పెడుతున్నారు.

కొలిచే పద్ధతి సులభమే. ఉదయం ఆరింటికి వచ్చే మూత్రాన్ని వదిలేయాలి. ఆ తర్వాత పగలు, రాత్రి వచ్చినదంతా గీతలున్న జగ్గుతో కొలిచి రాసుకుంటూ, మర్నాడు ఆరింటిదాన్ని కూడా కలపాలి.

గాజువాక అప్పలరాజు:
మూర్తి గారూ, జగ్గుతో కొలుచుకునే తీరిక ఉన్నవారికి మీ మాటలు బాగానే ఉంటాయి. నేను ఇక్కడే ఒక కర్మాగారంలో కాంట్రాక్టు కింద చాలా ఏళ్లు వెల్డింగు చేశాను. మంచినీళ్ల కుళాయి గేటు దగ్గర ఉండేది. పని వదిలి వెళితే మేస్త్రీ తిట్టేవాడు. షిఫ్టులో రెండుసార్లు టీ పంపేవారు. నీళ్ల డ్రమ్ము పెట్టమని అడిగితే "టీ తాగుతున్నారు కదా, దాంట్లో నీళ్లు లేవా?" అని కాంట్రాక్టరు అనేవాడు. నాకు రాయి వచ్చింది, నా పక్కన పనిచేసినవాడికీ వచ్చింది. టీ కూడా నీళ్లేనని ఎవరైనా అంటే నాకు ఆ కాంట్రాక్టరే గుర్తుకొస్తాడు. మీ మాట పుస్తకంలో నిజం కావచ్చు గాని, బయట దాన్ని ఎవరు ఎలా వాడుకుంటారో మీకు తెలియదు.

లాసన్స్ బే మూర్తి:
ఈ మాట మీరు మొదటే చెప్పి ఉంటే మన వాదన ఇంత దూరం వచ్చేది కాదు. వేడిలో బరువు పని చేసేవారికి గంటకు లీటరు దాకా చెమట పోవచ్చు. పైగా మన ఊరి ఉక్కలో చెమట కారిపోతుందే గాని ఆరదు, ఆరకపోతే ఒళ్లు చల్లబడదు, చల్లబడకపోతే ఇంకా కారుతుంది. అటువంటిచోట రెండు టీలతో రెండు వందల మిల్లీలీటర్లు వచ్చిందంటే, పోయినదానిలో ఆవగింజంత. టీ లెక్కలోకి రాదన్న కారణంతో కాదు, అది చాలదన్న కారణంతోనే మీ కాంట్రాక్టరు చేసింది తప్పు.

గాజువాక అప్పలరాజు:
చాలదని అప్పుడు మాకు ఎవరు చెప్పారు?

పూర్ణామార్కెట్ లక్ష్మి:
మా దుకాణంలోనూ యజమాని టీ ఇప్పిస్తాడు. ఆ టీ కూడా మేం సగమే తాగుతాం.

ఎంవీపీ సుధ:
నిన్నటి నుంచి ఇవాళ ఉదయం వరకు కొలిచాను. నాన్నగారు తాగినవి: నీళ్లు పద్నాలుగు వందల మిల్లీలీటర్లు, టీ నాలుగు వందలు, మజ్జిగ నాలుగు వందలు, మొత్తం రెండు లీటర్ల రెండు వందలు. మూత్రం పదకొండు వందల యాభై మాత్రమే వచ్చింది. ఆయన ఇల్లు కదలలేదు, వరండాలో ఫ్యాను కింద కూర్చున్నారు. రెండు లీటర్లకు పైగా తాగితే సగమే బయటికి వచ్చిందని నాకు ఆశ్చర్యం వేసింది.

ఇంకో విషయం కూడా చెప్పాలి. ఆయనకు మధుమేహం ఉంది. ప్రతి టీలో రెండు చెంచాల పంచదార పడాల్సిందే. టీ లెక్కలోకి రాదని ఎవరైనా చెబితే ఆ వంకతో మాన్పించవచ్చని అనుకున్నాను.

లాసన్స్ బే మూర్తి:
అలాగైతే టీ మీద పెట్టవలసిన కేసు పంచదార కేసు, నీళ్ల కేసు కాదు. నీళ్ల పేరుతో మాన్పిస్తే మీ నాన్నగారు ఎక్కడో ఒకచోట నిజం తెలుసుకుని మరో రెండు టీలు అడుగుతారు.

మీ లెక్కలో మిగిలిన సగం చెమటగా, ఊపిరితో ఆవిరిగా పోయింది. ఎక్కువ తాగినంత మాత్రాన చెమట పెద్దగా పెరగదు కాబట్టి, ఇకమీదట అదనంగా తాగేదంతా దాదాపుగా మూత్రంలోనే కనబడుతుంది. రెండున్నర లీటర్ల మూత్రం రావాలంటే ఇంకా పదమూడు వందల యాభై కావాలి, అంటే ఇప్పటి రెండు లీటర్ల రెండు వందలు మూడున్నర లీటర్లు కావాలి. అది మీ డాక్టరు గారు చెప్పిన మూడు లీటర్లకంటే ఎక్కువ. ఇది వేసవి లెక్క. డిసెంబరులో అంత అవసరం రాకపోవచ్చు.

అదనపు నీటిని ఒక్కసారిగా తాగించకండి. గంటకో గ్లాసు చొప్పున ఇవ్వండి, రాత్రి పడుకునే ముందు ఒకటి తప్పనిసరి, ఎందుకంటే మూత్రం బాగా చిక్కబడేది రాత్రివేళ. వయసును బట్టి రాత్రి లేవడం ఎలాగూ ఉంటుంది. లేచినప్పుడు సగం గ్లాసు తాగితే మంచిది గాని, నిద్ర చెడి పగలు తూలిపోయేంతగా వద్దు. గుండె బలహీనత ఉన్నా, కిడ్నీల పనితీరు తగ్గి ఉన్నా, బీపీకి మూత్రం పోయించే మాత్ర వాడుతున్నా, నా లెక్కను పక్కన పెట్టి ముందు డాక్టరు గారిని అడగండి. కాళ్లు వాచడం, రెండు మూడు రోజుల్లో రెండు కిలోల బరువు పెరగడం, పడుకుంటే ఆయాసం రావడం కనబడితే నీళ్లు పెంచడం ఆపి వెంటనే చూపించండి.

ఎంవీపీ సుధ:
బీపీ మాత్ర వాడుతున్నారు. అది ఏ రకమో నాకు తెలియదు. రేపు అడుగుతాను.

మధురవాడ కిరణ్:
ఫిల్టరు మాత్రం ఒకసారి చూసుకోండి.

గాజువాక అప్పలరాజు:
సుధమ్మా, మూర్తి గారి లెక్క సరైనదే కావచ్చు. అయినా ఇంట్లో పెట్టే నియమం వేరు. మూడున్నర లీటర్లలో ఎనిమిది వందలు టీ, మజ్జిగ అని చెబితే, నాన్నగారు ఆ ఎనిమిది వందలను పదిహేను వందలుగా చెబుతారు. బాటిల్ నీళ్లను మాత్రమే లెక్కపెడితే ఎవరూ పెంచి చెప్పలేరు.

లాసన్స్ బే మూర్తి:
నియమంగా పెట్టుకుంటే నాకు అభ్యంతరం లేదు. రెండు లీటర్ల ఏడు వందల నీళ్లు బాటిల్‌తో తాగి, టీ, మజ్జిగలను లెక్కలోంచి తీసేస్తే సరిపోతుంది. కాని టీ ఒంట్లోని నీళ్లను తోడేస్తుందని మాత్రం ఆయనకు చెప్పకండి.

గాజువాక అప్పలరాజు:
మజ్జిగ వరకు ఒప్పుకుంటాను. టీ విషయంలో ఒప్పుకోను.